బంతికీ అల ఉంది, ఎక్కడ వెతకాలి?

(అమలాపురంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మధ్యలో పిల్లలు అడిగిన ప్రశ్నలను కూడా యథాతథంగా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. కరెంటు పోయినా ఇబ్బంది లేదు, నాకు బోర్డూ సుద్దముక్కా చాలు. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి.

మీ అందరూ చేసిన లెక్కతోనే మొదలుపెడతాను. క్రికెట్ బంతి తరంగదైర్ఘ్యం ఎంత, ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం ఎంత? రెండు జవాబులూ పక్కపక్కనే రాసి, కింద ఒక వాక్యం రాస్తారు: బంతిది చాలా చిన్నది కాబట్టి లెక్కలోకి తీసుకోనక్కర్లేదు అని. మార్కులు పడతాయి. కానీ నేను అడిగేది ఒకటే. చిన్నది అంటే దేనికంటే చిన్నది? ఎలక్ట్రాన్‌దీ చిన్నదేగా! దాన్నెవరు కంటితో చూశారు? మరి దాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకుంటున్నాం? ఇవాళ మాట్లాడేదంతా ఈ ప్రశ్న గురించే.

లూయీ డి బ్రోయ్ 1924లో పారిస్‌లో తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. కదిలే ప్రతి వస్తువుకీ ఒక అల ఉంటుందనీ, దాని తరంగదైర్ఘ్యం ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగిస్తే వస్తుందనీ అందులో చెప్పాడు. బోర్డు మీద రాస్తున్నాను, λ = h/p. ఇందులో ఎలక్ట్రాన్ అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. ఫలానా బరువు దాటితే ఈ సూత్రం పనిచెయ్యదన్న షరతూ లేదు. బంతికి ఒక సూత్రం, ఎలక్ట్రాన్‌కి ఇంకో సూత్రం లేవు.

ముందు బంతి సంగతి చూద్దాం. కోతలైపోయాక మన చేలల్లో పిల్లలు ఆడేది టెన్నిస్ బంతితో. అది తేలిక. లెదర్ బంతి బరువు నిబంధనల ప్రకారం 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలి. లెక్కకి 160 గ్రాములు అనుకుందాం. మంచి ఫాస్ట్ బౌలర్ గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేశాడు. ఇక్కడే చాలామంది జారిపోతారు. గ్రాముల్ని కిలోగ్రాములుగా, గంటకి కిలోమీటర్లని సెకనుకి మీటర్లుగా మార్చాలి. 140ని 3.6తో భాగిస్తే 38.9. దాన్ని 0.16తో గుణిస్తే ద్రవ్యవేగం 6.2. h విలువ 6.63 × 10⁻³⁴. భాగిస్తే దాదాపు 1.07 × 10⁻³⁴ మీటర్లు వస్తుంది.

ఈ అంకెని చూసి ఊరికే తల ఊపేయకండి, ఒక్క నిమిషం ఆగండి. మనకి తెలిసిన అతి చిన్న వస్తువుల్లో ప్రోటాన్ ఒకటి. దాని వ్యాసం సుమారు 1.7 × 10⁻¹⁵ మీటర్లు. బంతి తరంగదైర్ఘ్యం అందులో కోటి కోట్ల వంతుకంటే కూడా చిన్నది. అంత చిన్న పొడవుని కొలిచే సాధనం ఏదీ మన దగ్గర లేదు.

ఇప్పుడు ఎలక్ట్రాన్. వేగంగా పోయే ఎలక్ట్రాన్ కావాలి కాబట్టి 1,00,000 వోల్టులతో తరిమిన ఎలక్ట్రాన్ తీసుకుందాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల్లో వాడే వోల్టేజీయే ఇది. మీ చేతిలో ఒక రెడీమేడ్ సూత్రం ఉంటుంది: 1.227ని వోల్టుల వర్గమూలంతో భాగిస్తే నానోమీటర్లలో జవాబు వస్తుంది. అలా చేస్తే 0.00388 నానోమీటర్లు, అంటే 3.88 పికోమీటర్లు వస్తుంది. చాలా గైడ్లలో లెక్క ఇక్కడితో అయిపోతుంది. కానీ ఈ జవాబు సరైంది కాదు.

ఎందుకు కాదో చూద్దాం. ఆ సూత్రంలో ½mv² దాక్కుని ఉంది. వేగం కాంతి వేగానికి చాలా తక్కువగా ఉన్నంతవరకే అది చెల్లుతుంది. ఈ ఎలక్ట్రాన్ కాంతి వేగంలో దాదాపు 55 శాతం వేగంతో పోతుంది. ఇక్కడ ఐన్‌స్టీన్‌ని పిలవక తప్పదు. భయపడకండి, లెక్క పొట్టిదే. ఎలక్ట్రాన్ విరామ శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మనం ఇచ్చిన గతిశక్తి T అదే యూనిట్లలో 100. ద్రవ్యవేగాన్ని కాంతి వేగంతో గుణిస్తే వచ్చేది ఇది:

pc = √(T² + 2 × T × 511)

100 వర్గం 10,000. రెండో భాగం 1,02,200. కలిపితే 1,12,200. వర్గమూలం దాదాపు 335. ఇక hc విలువ ఈ యూనిట్లలో 1.24. దాన్ని 335తో భాగిస్తే 0.00370 నానోమీటర్లు. అంటే అసలు జవాబు 3.70 పికోమీటర్లు. గైడు సూత్రం ఆ 10,000ని వదిలేసింది. అదే తేడా.

*(ఒక విద్యార్థి: సార్, 3.88కీ 3.70కీ తేడా ఎంతని? పికోమీటర్లలో కదండీ, ఎవరికి తెలుస్తుంది?)*

మంచి ప్రశ్న వేశావు నాన్నా. స్కేలుతో తెలుస్తుంది. నిజంగానే చెబుతున్నాను, నీ పెన్సిల్ బాక్సులో ఉన్న స్కేలుతో కొలవచ్చు. ఎలాగో చెప్పే ముందు మనమందరం రోజూ చూసేదొకటి గుర్తు చేస్తాను.

మన కాలువ లాకుల దగ్గర గట్టు మీద నిలబడి చూడండి. పడవ పోయాక జానెడు జానెడు దూరంలో అలలు వస్తుంటాయి. తలుపులు బార్లా తీసి ఉంటే అలలు తిన్నగా లోపలికి పోతాయి. గోడ వెనకనున్న నీళ్ళు పెద్దగా కదలవు. అవే అలలు జానెడు వెడల్పున్న తూము ముందుకొచ్చాయనుకోండి. అవతలికి దాటగానే అర్ధవృత్తంగా అన్ని వైపులా పరుచుకుంటాయి. అలలు మారలేదు, సందు మారింది. సందు వెడల్పు తరంగదైర్ఘ్యానికి దగ్గరైతే అల అలలా కనపడుతుంది. సందు దానికంటే వందల రెట్లు పెద్దదైతే అల కూడా గిరిగీసినట్టు తిన్నగా పోతుంది. ఎంత పరుచుకుంటుందో ఉజ్జాయింపుగా చెప్పాలంటే తరంగదైర్ఘ్యాన్ని సందుతో భాగించాలి. వచ్చేది రేడియన్లలో కోణం. దీన్నే వివర్తనం అంటాం.

ఎలక్ట్రాన్‌కి ఇలాంటి సందు ఎవరు తయారు చేస్తారు? ఎవరూ చెయ్యక్కర్లేదు, ప్రకృతే చేసి పెట్టింది. లోహపు స్ఫటికంలో పరమాణువులు వరసలు వరసలుగా ఉంటాయి. బంగారంలో ఒక రకం వరసల మధ్య దూరం 0.2355 నానోమీటర్లు. మన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037. భాగిస్తే 0.0157 రేడియన్లు, ఒక డిగ్రీ కూడా లేదు. కానీ పల్చటి బంగారు పొర గుండా ఎలక్ట్రాన్లని పంపి, మీటరు దూరంలో ఫొటో ఫిల్ము పెడితే ఆ ఒక్క డిగ్రీ కూడా లేని కోణమే 1.57 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వలయాన్ని గీస్తుంది. వలయం ఎందుకంటే, ఆ పొరలో లెక్కలేనన్ని చిన్న చిన్న స్ఫటికాలు తలో దిక్కుకి తిరిగి ఉంటాయి. అన్నీ ఒకే కోణంలో, కానీ తలా ఒక వైపు వంచుతాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకొద్దాం. 3.70 అయితే వలయం వ్యాసం 3.14 సెంటీమీటర్లు. 3.88 అయితే 3.29. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఫిల్ము కడిగి ఆరబెట్టి స్కేలు పెట్టి చూస్తే గైడు సూత్రం తప్పని ఆ వలయమే చెబుతుంది. పికోమీటరుని ఎవరూ నేరుగా కొలవరు. పరమాణువుల వరసలు దాన్ని పెద్దది చేసి మన చేతికిస్తాయి.

ఈ పని మొదట చేసింది ఎవరో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. 1927లో అమెరికాలో డేవిసన్, జెర్మర్ నికెల్ స్ఫటికం మీదకి 54 వోల్టుల ఎలక్ట్రాన్లని వదిలారు. 50 డిగ్రీల దగ్గర ఒక శిఖరం కనపడింది. దాన్నుంచి వచ్చిన తరంగదైర్ఘ్యం 0.165 నానోమీటర్లు, డి బ్రోయ్ సూత్రం చెప్పింది 0.167. అదే సంవత్సరం స్కాట్లాండులోని అబర్డీన్‌లో జి.పి. థామ్సన్ పల్చటి పొరల గుండా వేగమైన ఎలక్ట్రాన్లని పంపి నేనిప్పుడు చెప్పిన వలయాలు తీశాడు. ఎలక్ట్రాన్ అనే కణాన్ని 1897లో కనిపెట్టిన జె.జె. థామ్సన్‌కి ఈయన కొడుకు. నాన్న కణం అని నిరూపించినదాన్ని కొడుకు అల అని నిరూపించాడు. రెండూ నిజమే.

ఈ వలయాల్ని మీ కళ్ళతో చూసే వీలుంది. కొన్ని యూనివర్సిటీ ల్యాబుల్లో ఇందుకోసం ఒక గాజు ట్యూబు ఉంటుంది. బుర్రలా ఉబ్బెత్తుగా ఉంటుంది, ముందువైపు ఆకుపచ్చగా వెలిగే తెర. లోపల గాలి ఉండదు. మెడ దగ్గర చిన్న జాలీ మీద గ్రాఫైట్ పొర అతికి ఉంటుంది. గదిలో లైట్లార్పి, వోల్టేజీ మెల్లగా పెంచుతూ 4,000 వోల్టుల దగ్గరికి తెస్తే తెర మధ్యలో ఒక ప్రకాశవంతమైన చుక్క, దాని చుట్టూ రెండు పచ్చటి వలయాలు కనపడతాయి. పొరకీ తెరకీ మధ్య 13.5 సెంటీమీటర్లు ఉంటే లోపలి వలయం వ్యాసార్థం దాదాపు 1.2 సెంటీమీటర్లు, బయటిది 2.1. వలయాల అంచులు కాస్త మసగ్గా ఉంటాయి. కొలిచేటప్పుడు మసక మధ్యని పట్టుకోవాలి, లేకపోతే జవాబు తప్పుతుంది.

ఇక అసలు చూడాల్సింది ఇది. నాబు తిప్పి వోల్టేజీ ఇంకా పెంచండి. వలయాలు పెరగవు, తరుగుతాయి. వేగం పెరిగితే ద్రవ్యవేగం పెరిగింది, తరంగదైర్ఘ్యం తగ్గింది, కోణం తగ్గింది. వోల్టేజీ తగ్గిస్తే మళ్ళీ విచ్చుకుంటాయి. λ = h/pలో p కింద ఎందుకుందో చేతిలో నాబు పట్టుకుని చూసినట్టుంటుంది.

*(ఒక విద్యార్థిని: సార్, ఆ వలయాలు ఎక్స్-రేల వల్ల వచ్చాయేమోనని అనుమానం రాదా అండీ? ఎలక్ట్రాన్లు లోహానికి తగిలితే ఎక్స్-రేలు పుడతాయి కదా.)*

భలే పట్టావమ్మా. థామ్సన్‌కీ ఇదే అనుమానం వచ్చింది. ఎక్స్-రేలు కూడా అచ్చం ఇలాంటి వలయాలే ఇస్తాయి. అనుమానం తీర్చుకోవడానికి ఆయన అయస్కాంతం వాడాడు. ఎక్స్-రేలకి ఆవేశం లేదు, అయస్కాంతం వాటిని కదిలించలేదు. ఇక్కడ మాత్రం వలయాలు మొత్తంగా పక్కకి జరిగాయి. ల్యాబులో మీరు కూడా ట్యూబు పక్కన చిన్న అయస్కాంతం పెట్టి చూడొచ్చు, చుక్కా వలయాలూ కలిసి జరుగుతాయి. అల లక్షణం, ఆవేశం ఉన్న కణం లక్షణం ఒకే తెర మీద ఒకేసారి చూస్తున్నారన్నమాట.

సరే, ఇప్పుడు బంతి దగ్గరికి తిరిగొద్దాం. మనకి కావలసింది బంతి అలకి తగిన సందు. బంతి వ్యాసమే ఏడు సెంటీమీటర్లు దాటి ఉంటుంది. అది దూరాలంటే సందు కనీసం అంతకంటే పెద్దదై ఉండాలి. 10 సెంటీమీటర్లు అనుకోండి. 1.07 × 10⁻³⁴ని 0.1తో భాగిస్తే కోణం దాదాపు 10⁻³³ రేడియన్లు. పిచ్ పొడవు 20 మీటర్లు. అంత దూరం పోయాక బంతి అల పక్కకి పరుచుకునేది 2 × 10⁻³² మీటర్లు. బ్యాట్స్‌మన్‌కి ఎటువంటి ఇబ్బందీ లేదు.

తెరని దూరం జరుపుదాం, ఒక్క మిల్లీమీటరు పరుచుకునేంత దూరం. లెక్కేస్తే దాదాపు 10³⁰ మీటర్లు వస్తుంది. మనం చూడగలిగే విశ్వం మొత్తం వ్యాసం సుమారు 8.8 × 10²⁶ మీటర్లు. అంటే విశ్వానికి వెయ్యి రెట్లు దూరంలో తెర పెడితే ఒక్క మిల్లీమీటరు! మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం మన కంటికి చిన్నదే, కానీ పరమాణువుల వరసల దూరంతో పోలిస్తే చిన్నది కాదు, అరవయ్యో వంతు ఉంది. బంతి తరంగదైర్ఘ్యాన్ని మాత్రం పోల్చడానికి ప్రపంచంలో ఏ సందూ లేదు.

ఇంకో సంగతి. వేగం విషయంలో మన ఎలక్ట్రాన్ బంతికంటే 42 లక్షల రెట్లు ముందుంది. వేగం ఎక్కువైతే తరంగదైర్ఘ్యం తగ్గాలి కదా, మరి ఎలక్ట్రాన్‌దే ఎందుకు పెద్దది? బంతి ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ కంటే 10²⁹ రెట్లు ఎక్కువ. 42 లక్షలంటే ఏడు అంకెలే. ఇరవై తొమ్మిది సున్నాల ముందు అది నిలబడదు. చివరికి రెండు తరంగదైర్ఘ్యాల నిష్పత్తి సుమారు 3.5 × 10²² దగ్గర తేలుతుంది.

*(ఒక విద్యార్థి: అయితే బంతిని నెమ్మదిగా దొర్లిస్తే సరి కదండీ? p తగ్గితే λ పెరుగుతుంది. అసలు బంతిని కదలకుండా పెడితే p సున్నా, λ అనంతం అయిపోవాలి కదా!)*

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నాను. కాస్త నిదానంగా చూద్దాం. బంతి తరంగదైర్ఘ్యం ఒక నానోమీటరు కావాలనుకుందాం, అంటే కొన్ని పరమాణువుల వెడల్పు. వేగం ఎంత ఉండాలి? hని 0.16తోనూ 10⁻⁹తోనూ భాగించాలి. సెకనుకి 4 × 10⁻²⁴ మీటర్లు. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. విశ్వం పుట్టినప్పుడు ఈ వేగంతో బయల్దేరిన బంతి ఇవాళ్టికి రెండు మైక్రోమీటర్ల కంటే తక్కువ దూరం కదిలి ఉంటుంది. వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా కాదు.

సరే, అంత ఓపికుంది, పెడదాం అనుకో. ఈ బల్ల మీద బంతి పెట్టాం. కదలడం లేదు అంటున్నాం. నిజంగా కదలడం లేదా? చుట్టూ ఉన్న గాలి అణువులు అన్ని వైపుల నుంచీ దాన్ని తాకుతూనే ఉన్నాయి. మన గది ఉష్ణోగ్రత దగ్గర 160 గ్రాముల వస్తువుకి ఈ తాకిడి వల్ల ఉండే వణుకుని లెక్కకట్టొచ్చు. సెకనుకి దాదాపు 3 × 10⁻¹⁰ మీటర్లు. కంటికి ఇది నిశ్చలమే. కానీ మనకి కావలసిన వేగంతో పోలిస్తే లక్ష కోట్ల రెట్లకి పైమాటే. ఆ వణుకుకి తగ్గ తరంగదైర్ఘ్యం 10⁻²³ మీటర్ల దగ్గరుంటుంది. అంటే బల్ల మీద ఊరికే ఉన్న బంతి అల కూడా ప్రోటాన్‌లో కోటో వంతు కంటే చిన్నదే. p సున్నా అని కాగితం మీద రాయడం తేలికే, బంతిని ఆ స్థితికి తేవడమే కుదరదు. పోనీ p కచ్చితంగా సున్నా అయిందనుకో, అప్పుడు హైసెన్‌బర్గ్ నియమం ప్రకారం బంతి ఎక్కడుందో చెప్పడానికి వీల్లేదు. బల్ల మీద ఇక్కడే ఉంది అంటున్నామంటే, p కచ్చితంగా సున్నా కాదని ఒప్పుకున్నట్టే.

*(అదే విద్యార్థి: మరి ఎంత బరువు దాకా అల కనపడుతుందండీ?)*

గీత గీసి ఇక్కడిదాకా అని చెప్పే సిద్ధాంతం లేదు. ప్రయోగాలు మాత్రం ఏళ్ళ తరబడి పైకి పాకుతున్నాయి. 1999లో వియన్నాలో ఆంటన్ జైలింగర్, మార్కస్ ఆర్న్‌ట్ బృందం ఫుటుబాలులా ఉండే ఒక అణువుని తీసుకుంది. 60 కార్బన్ పరమాణువులు కలిసిన C₆₀. ఎలక్ట్రాన్ కంటే 13 లక్షల రెట్లు బరువు. దాన్ని కొలిమిలో వేడిచేసి, గాలి లేని గొట్టంలో సెకనుకి 220 మీటర్ల వేగంతో పంపారు. తరంగదైర్ఘ్యం 2.5 పికోమీటర్లు. మన 1,00,000 వోల్టుల ఎలక్ట్రాన్ అంకె గుర్తుందా, 3.7. రెండూ పక్కపక్క ఇళ్ళే. 100 నానోమీటర్లకో సందు ఉన్న జాలీ గుండా ఆ అణువులు పోయి అవతల అలల నమూనా ఇచ్చాయి. 2019 నాటికి అక్కడే 25,000 పరమాణు ద్రవ్యరాశి యూనిట్లకి పైబడిన అణువులతో కూడా ఇలాంటి నమూనా తీశారు.

ఈ ప్రయోగాల్లో అల చెదిరిపోయే తీరు చూస్తే బంతి సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. గొట్టంలోకి కొంచెం గాలి వదిలితే నమూనా మసకబారింది. అణువుల్ని లేజరుతో బాగా ఎక్కువ వేడిచేస్తే అప్పుడూ మసకబారింది. ఎందుకంటే వేడి వస్తువు ఫోటాన్లని వదులుతుంది. ఆ ఫోటాన్ అణువు ఏ సందులోంచి వచ్చిందో చెప్పేయగలిగితే రెండు దారుల అలలు ఇక కలవవు. C₆₀ మామూలుగా గొట్టం దాటేలోపు వదిలేది రెండో మూడో ఫోటాన్లు. వాటి తరంగదైర్ఘ్యం పది మైక్రోమీటర్ల దగ్గర, అంటే జాలీ సందుల దూరానికి వంద రెట్లు. అంత పొడుగు అల రెండు పక్కపక్క సందుల తేడా కనిపెట్టలేదు. అందుకే నమూనా నిలిచింది.

బంతి అలా కాదు. మన ఎండాకాలపు 30 డిగ్రీల దగ్గర అంత పెద్ద ఉపరితలం నుంచి సెకనుకి 10²⁰కి పైగా పరారుణ ఫోటాన్లు బయటికి పోతూనే ఉంటాయి. బౌలర్ చేతిలోంచి బ్యాటు దాకా పోవడానికి పట్టే అర సెకనులో, గాలి అణువుల తాకిడి పక్కన పెట్టినా సరే, బంతి తన చోటు ఎక్కడో అన్నిసార్లు బయటపెట్టేస్తుంది. ఒక్కో ఫోటాన్ చెప్పేది కొంచెమే, కానీ అన్నీ కలిస్తే బంతి చోటు మైక్రోమీటరు కంటే ఎంతో సన్నగా తేలిపోతుంది.